అతుకు ఎక్కడ పడాలి

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డుల మీద ఏళ్ల తరబడి కనిపిస్తున్న పేర్లు కొన్ని ఉన్నాయి: శాప్ ఫైకో, శాప్ ఎంఎం, శాప్ ఎస్‌డీ, అబాప్. బీకామో, ఎంబీఏనో, ఇంజినీరింగో పూర్తిచేసిన తెలుగు పిల్లలు ఎందరో వీటిలో ఏదో ఒక బోర్డు కింద చేరి, అక్కడి నుంచి బెంగళూరుకో, డాలస్‌కో సాగిపోయారు. ఫైకో అంటే ఖాతాలు. ఎంఎం అంటే కొనుగోళ్లు, సరుకు నిల్వలు. ఎస్‌డీ అంటే అమ్మకాలు. కోర్సులు వేరు, ఫీజులు వేరు, ఉద్యోగాలూ వేరు. కంపెనీలోకి వెళ్లి చూస్తే మాత్రం ఇవన్నీ ఒకే సాఫ్ట్‌వేర్, దాని కింద ఒకే డేటాబేస్.

పెద్ద కంపెనీల కంప్యూటర్ విభాగాల్లో ఇప్పుడు వాదన నడుస్తున్నది ఆ ‘ఒకే’ మీదే. శాప్ పాత తరం ఈఆర్‌పీ అయిన ఈసీసీకి మామూలు మెయింటెనెన్స్ 2027 చివరితో ఆగిపోతుంది. అదనంగా రుసుము కట్టినవాళ్లకు 2030 దాకా గడువుంది. కాబట్టి వేల కంపెనీలు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. మొత్తం వ్యాపారాన్ని మళ్లీ ఒకే కొత్త సూట్‌లోకి ఎక్కించాలా? లేక, ఎలాగూ కదిలిస్తున్నాం కదా అని, ఖాతాలకు ఒకటి, గోడౌన్‌కు ఒకటి, వెబ్‌సైట్‌కు ఒకటి చొప్పున విడివిడి సాఫ్ట్‌వేర్లు తెచ్చి ఏపీఐలతో కలుపుకోవాలా? ఈ రెండో పద్ధతినే కంపోజబుల్ అంటున్నారు.

ముందు ఆ పాత పెద్ద సూట్ చేసే మేలు ఏమిటో చూడాలి. విమర్శించేవాళ్లు దాన్ని చప్పున దాటేస్తారు.

గోడౌన్‌లో లారీకి సరుకు ఎక్కించాక స్టోర్‌కీపర్ తెర మీద గూడ్స్ ఇష్యూ నొక్కుతాడు. శాప్‌లో దీన్ని 601 అనే మూవ్‌మెంట్ టైప్ కింద నమోదు చేస్తారు. ఆ ఒక్క నొక్కుతో రెండు పత్రాలు పుడతాయి. మొదటిది సరుకు పత్రం: ఫలానా గోడౌన్‌లో వంద పెట్టెలు తగ్గాయి. రెండోది ఖాతా పత్రం: అమ్మిన సరుకు ఖర్చు ఖాతాకు డెబిట్, స్టాకు ఖాతాకు క్రెడిట్. రెండూ ఒకే కమిట్‌లో డేటాబేస్‌లోకి వెళతాయి. పోతే రెండూ పోతాయి, లేకుంటే ఏదీ పోదు. మధ్యలో కరెంటు పోయినా, సర్వర్ కుప్పకూలినా, సరుకు తగ్గి ఖాతా తగ్గని స్థితి ఉండదు. స్టోర్ రిజిస్టరుకూ లెడ్జరుకూ పొంతన కుదరక నెలాఖరున గుమాస్తాలు రాత్రిళ్లు కూర్చుని తేడా వెతికే రోజులతో పోల్చితే ఇది చిన్న మార్పు కాదు. 1992లో వచ్చిన శాప్ ఆర్/3 ప్రపంచమంతా పాకడానికి పెద్ద కారణం ఇదే. తెరలు అందంగా ఉంటాయని దాన్ని ఎవరూ కొనలేదు.

అయితే అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నప్పుడు ఒకదాన్ని కదిపితే అన్నీ కదులుతాయి. కంపెనీకి సొంత పద్ధతి ఉంటుంది, ప్యాకేజీకి దాని పద్ధతి ఉంటుంది. రెండూ కలవని చోట సొంత ప్రోగ్రాములు రాసుకుంటారు. శాప్‌లో కంపెనీలు సొంతంగా రాసుకునే వాటి పేర్లు జెడ్‌తో గానీ వైతో గానీ మొదలవ్వాలి. అందుకే అబాప్ చేసినవాళ్లందరూ జెడ్ ప్రోగ్రామ్ అన్న మాట వాడతారు. ఇరవై ఏళ్లు గడిచాక అవి వేలల్లో పోగుపడతాయి. రాసినవాళ్లు ఉద్యోగం మారి ఉంటారు, రాయించుకున్న మేనేజర్లు రిటైరై ఉంటారు. కొత్త వెర్షన్‌కు వెళ్లాలంటే వీటన్నిటినీ పరీక్షించాలి. పరీక్షించే ఓపిక లేక కంపెనీ పాత వెర్షన్ మీదే ఉండిపోతుంది.

ఈ చిక్కు ఎంతదాకా పోగలదో జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడల్ చూపించింది. సొంతంగా రాసుకున్న పాత సరుకు నిర్వహణ వ్యవస్థను తీసేసి శాప్ రిటైల్ సాఫ్ట్‌వేర్ పెట్టాలని 2011లో ఎల్విస్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. కొన్ని చిన్న దేశాల్లో నడిపింది కూడా. 2018 వేసవిలో దాన్ని ఆపేసింది. అప్పటికి సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని జర్మన్ పత్రికలు రాశాయి. ఇన్ని కోట్లు పోయిన ఆ ప్రాజెక్టులో అందరూ చెప్పుకున్న అసలు గొడవ వినడానికి చాలా చిన్నది. గోడౌన్‌లోనూ దుకాణంలోనూ ఉన్న సరుకుకు లిడల్ కొన్న ధరతో విలువ కడుతుంది. శాప్ రిటైల్ ప్యాకేజీ మామూలుగా అమ్మే ధరతో కడుతుంది. లిడల్ తన పద్ధతి మార్చుకోనంది. అందుకని సాఫ్ట్‌వేర్‌ను మార్చడం మొదలైంది.

సరుకు విలువ ఒక మూల ఉండే లెక్క కాదు. కొనుగోలు, అమ్మకం, దుకాణం నుంచి దుకాణానికి బదిలీ, పాడైన సరుకు, లాభం లెక్క, ఆడిట్, అన్నీ దాన్ని తాకుతాయి. పైన చెప్పిన ఆ ఒక్క కమిట్ నడుమనే అది కూర్చుని ఉంది. దాన్ని మార్చడమంటే ప్యాకేజీ గుండెకాయను మార్చడమే.

కంపోజబుల్ పద్ధతి వైపు మాట్లాడేవాళ్లు లిడల్‌ను తరచూ సాక్ష్యంగా తెస్తారు. ఆ సాక్ష్యం వాళ్లు అనుకున్నంత బలమైనది కాదు. సరుకు విలువ కట్టే పనిని వేరే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి ఏపీఐతో కలిపినంత మాత్రాన లిడల్ గట్టెక్కేది కాదు. విలువను మార్చే ప్రతి సరుకు కదలికకూ ఖాతా పత్రం కావాలి, ఆ పత్రంలో ఎంత వేయాలో తేల్చేది విలువే. ఆ రెండిటి మధ్య గీత గీస్తే రోజూ లక్షల సార్లు ఆ గీత దాటాలి. లిడల్ ముందు నిజంగా ఉన్న దారులు రెండే: పద్ధతి మార్చుకోవడం, లేదా ఆ ప్యాకేజీ కొనకపోవడం. చివరికి అది తన పాత వ్యవస్థనే మెరుగుపరుచుకోవాలని నిర్ణయించుకుంది.

ఇక విడివిడి ముక్కల సంగతి. కంపోజబుల్ అన్న పేరును గార్ట్‌నర్ అనే సలహా సంస్థ 2020 ప్రాంతంలో బాగా ప్రచారం చేసింది. అదే ఏడాది ఈ తరహా సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు మాక్ అలయన్స్ అని ఒక కూటమి కట్టుకున్నాయి. పేర్లెలా ఉన్నా ఇందులో కీలకమైనది ఏపీఐ ఫస్ట్ అన్న నియమం. తెరలు, రిపోర్టులు తర్వాత. ఏ ప్రశ్న ఏ రూపంలో అడగాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది, తప్పు జరిగితే ఏ సంకేతం వస్తుంది అన్న ఒప్పందం ముందు. ఆ ఒప్పందం పక్కాగా ఉంటే అటువైపు ఎవరి సాఫ్ట్‌వేర్ ఉన్నా పని సాగిపోతుంది.

దీనికి మన దేశంలో వ్యాపారులందరికీ అనుభవంలో ఉన్న ఉదాహరణ జీఎస్టీ ఈ-ఇన్వాయిస్. 2020 అక్టోబర్ 1న 500 కోట్ల రూపాయల టర్నోవర్ దాటిన కంపెనీలతో మొదలైంది. మెట్టు మెట్టుగా దించుకుంటూ 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వ్యాపారాలను ఇందులోకి తెచ్చారు. ఫలానా బిల్లింగ్ సాఫ్ట్‌వేరే వాడాలని ప్రభుత్వం ఎవరికీ చెప్పలేదు. బిల్లు ఏ రూపంలో పంపాలో మాత్రం ప్రకటించింది. అందులో ఒక చిన్న భాగం ఇలా ఉంటుంది:

```json
"DocDtls": {
  "Typ": "INV",
  "No": "HYD/2526/00417",
  "Dt": "14/08/2025"
}
```

బిల్లు రకం, నంబరు, తేదీ. ఇలాగే అమ్మినవాళ్ల వివరాలు, కొన్నవాళ్ల వివరాలు, వస్తువులు, పన్నులు. వ్యాపారి శాప్ వాడినా, ట్యాలీ వాడినా, మేనల్లుడి చేత రాయించుకున్న ప్రోగ్రామ్ వాడినా పోర్టల్‌కు తేడా లేదు. అది బిల్లును నమోదు చేసి 64 అక్షరాల ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్యనూ, సంతకం చేసిన క్యూఆర్ కోడ్‌నూ తిరిగి పంపుతుంది.

ఒకే పెద్ద సూట్ ఉన్న కంపెనీలకు కూడా ఇక్కడ ఒక అతుకు పడక తప్పలేదు. ఎంత గొప్ప ఈఆర్‌పీ అయినా ప్రభుత్వ డేటాబేస్‌ను తన కమిట్‌లో కలుపుకోలేదు. గోడౌన్‌లో సరుకు తగ్గడం, లెడ్జర్‌లో పద్దు పడటం ఒకేసారి జరుగుతాయి. ఐఆర్‌ఎన్ రావడం మాత్రం ఇంటర్నెట్ అవతల, వేరే సమయంలో, వేరేవాళ్ల చేతిలో జరుగుతుంది. కంపోజబుల్‌లోని కష్టం ఏమిటో తెలుసుకోవాలంటే ఈ ఒక్క అతుకు దగ్గర కాసేపు నిలబడితే చాలు.

లారీ గేటు దగ్గర సిద్ధంగా ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పోర్టల్‌కు బిల్లు పంపింది. ముప్ఫై సెకన్లు చూసింది, జవాబు లేదు. ఇప్పుడు ఆ బిల్లు నమోదైనట్టా, కానట్టా? బిల్లు అసలు అక్కడికి చేరకపోయి ఉండవచ్చు. చేరి తిరస్కరణ అయి ఉండవచ్చు. నమోదు పూర్తయి, తిరుగు జవాబు దారిలో పోయి ఉండవచ్చు. ఇటువైపు నుంచి చూస్తే ఈ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. చేయగలిగింది మళ్లీ పంపడమే. ఐఆర్‌ఎన్ రూపకల్పన చేసినవాళ్లు ఈ పరిస్థితిని ముందే ఊహించారు. అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు, ఈ నాలుగింటి నుంచే గణితం ప్రకారం ఆ 64 అక్షరాలు పుడతాయి. అదే బిల్లును పదిసార్లు పంపినా అదే సంఖ్య వస్తుంది కాబట్టి రెండోసారి నమోదు కాదు. పోర్టల్ `2150` అనే ఎర్రర్ ఇస్తుంది, అంటే డూప్లికేట్. పాత ఐఆర్‌ఎన్ వివరాలు కూడా ఆ జవాబులోనే ఉంటాయి.

అనుభవం ఉన్నవాళ్లు రాసిన ప్రోగ్రామ్ ఆ `2150`ని చూసి, బిల్లు ఇంతకుముందే నమోదైందని గ్రహించి, ఆ పాత ఐఆర్‌ఎన్‌ను తీసుకుని లారీని పంపేస్తుంది. అనుభవం లేనివాళ్లు రాసినది దాన్ని ఫెయిల్ కింద లెక్కేసి ఎర్ర గీతతో చూపిస్తుంది. గేటు దగ్గర డ్రైవర్ హారన్ కొడుతుంటాడు, కౌంటర్‌లో ఉన్నవాళ్లు తొందరపడి కొత్త నంబరుతో ఇంకో బిల్లు కొడతారు. నంబరు మారింది కాబట్టి పోర్టల్‌కు అది కొత్త బిల్లే. ఒక లారీకి రెండు బిల్లులు, రెండు పన్ను పద్దులు. 24 గంటల్లోపు పట్టుకుంటే పోర్టల్‌లోనే ఒకటి రద్దు చేయవచ్చు. ఆ తర్వాత అక్కడ రద్దు కుదరదు, క్రెడిట్ నోట్ దారి పట్టాల్సిందే. పాత లాగ్‌లు తీసి చూస్తే ఈ తప్పు ఇట్టే దొరుకుతుంది. `2150` వచ్చిన కొద్ది నిమిషాలకే అదే కొనుగోలుదారుకు, అదే మొత్తానికి ఇంకో బిల్లు పడి ఉంటుంది.

జీఎస్టీ పోర్టల్ విషయంలో ఆ జాగ్రత్త ప్రభుత్వమే తీసుకుంది. కంపెనీ తన ఈఆర్‌పీని తానే ముక్కలు చేసుకుంటే, ప్రతి అతుకు దగ్గరా అలాంటి జాగ్రత్త తానే రాసుకోవాలి.

విజయవాడలో నాలుగు షోరూములు, ఒక వెబ్‌సైట్ ఉన్న చీరల వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. చేనేత చీరల్లో చాలావాటికి రెండో ప్రతి ఉండదు. 18,000 రూపాయల గద్వాల చీర ఒకటి బెసెంట్ రోడ్డు షోరూములో ఉంది, దాని ఫొటో వెబ్‌సైట్‌లో ఉంది. అన్నీ ఒకే సూట్‌లో ఉన్నప్పుడు షోరూములో బిల్లు కొట్టే క్షణంలో ఆ చీర వరుస డేటాబేస్‌లో లాక్ అవుతుంది. సరిగ్గా అప్పుడే డాలస్ నుంచి ఎవరో ఆ చీరకే ఆర్డర్ పెట్టబోతే స్టాకు లేదన్న జవాబు వస్తుంది. అక్కడితో సరి.

ఇప్పుడు వెబ్‌సైట్ ఒక కంపెనీది, స్టాకు సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది, ఖాతాలు మూడోది, డబ్బు వసూలుకు పేమెంట్ గేట్‌వే నాలుగోది. డాలస్ ఆవిడ చీర ఎంచుకుంది. గేట్‌వే 18,000 వసూలు చేసింది. వెబ్‌సైట్ స్టాకు సాఫ్ట్‌వేర్‌ను, ఈ చీర పక్కన పెట్టు అని అడిగింది. పది సెకన్లయినా జవాబు లేదు. ఇదీ ఇందాకటి లారీ పరిస్థితే. వెబ్‌సైట్ మళ్లీ అడగాలి, కానీ రెండో అభ్యర్థనను స్టాకు సాఫ్ట్‌వేర్ కొత్తదనుకోకూడదు. అందుకని ప్రతి అభ్యర్థనకూ వెబ్‌సైట్ ఒక ప్రత్యేక సంఖ్య తగిలిస్తుంది, తిరిగి అడిగినప్పుడు అదే సంఖ్య పంపుతుంది. ఆ సంఖ్యను ఇంతకుముందే చూసి ఉంటే స్టాకు సాఫ్ట్‌వేర్ పని మళ్లీ చేయకుండా పాత జవాబే ఇస్తుంది. దీన్ని ఐడెంపొటెన్సీ కీ అంటారు. కొనబోయే సాఫ్ట్‌వేర్ ఏపీఐలో ఇది ఉందా లేదా అన్నది డెమో రోజునే అడగాల్సిన మొదటి ప్రశ్న. తెరలు ఎంత బాగున్నాయన్నది తర్వాత.

రెండోసారి జవాబు వచ్చింది: చీర పదినిమిషాల క్రితమే షోరూములో అమ్ముడుపోయింది. డబ్బు మాత్రం వచ్చేసింది. ఒకే కమిట్ ఉన్నచోట మొత్తం వెనక్కి తిప్పేయవచ్చు. ఇక్కడ తిప్పడానికి వీల్లేదు, ఎందుకంటే గేట్‌వే తన పని ఎప్పుడో పూర్తిచేసేసింది. జరిగినదాన్ని చెరపలేరు, దానికి విరుగుడుగా ఇంకో పని చేయాలి: రీఫండ్. ఆ రీఫండ్ పిలుపు కూడా దారిలో పోవచ్చు, కాబట్టి దానికీ మళ్లీ అడిగే ఏర్పాటు కావాలి. ఇలా ప్రతి అడుగుకూ ఒక విరుగుడు అడుగు ముందే రాసుకుని నడిపే వరుసను సాగా అంటారు. ఏ అడుగుకు ఏ విరుగుడన్నది ప్రోగ్రామర్ ఒక్కడే తేల్చే విషయం కాదు. డబ్బు వెనక్కి ఇవ్వాలా, అలాంటి చీరే నేయించి పంపుతామని చెప్పాలా, అసలు డబ్బు తీసుకునే ముందే చీర పక్కన పెట్టాలా అన్నది యజమాని తేల్చాలి. ఒకే సూట్ ఉన్నప్పుడు ఈ ప్రశ్న ఆయన దాకా వచ్చేదే కాదు.

ఖాతాల వైపు ఇంకో తంటా ఉంది. ఆర్డర్ నమోదు చేయడం, ఆ కబురు ఖాతాల సాఫ్ట్‌వేర్‌కు పంపడం రెండు పనులు. మొదటిది అయ్యాక రెండోదానికి ముందు సర్వర్ ఆగిపోతే అమ్మకం ఉంటుంది, పద్దు ఉండదు. దీనికి బాగా పనిచేసే ఉపాయం ఔట్‌బాక్స్. పంపాల్సిన కబురును కూడా ఆర్డర్‌తో పాటే అదే డేటాబేస్‌లో, అదే కమిట్‌లో ఒక పట్టికలో రాసిపెడతారు. వేరే ప్రోగ్రామ్ ఒకటి ఆ పట్టికను చూసుకుంటూ ఒక్కొక్క కబురూ చేరేదాకా పంపుతూ ఉంటుంది. పద్దు ఆలస్యం కావచ్చు గానీ మాయం కాదు.

ఇవన్నీ చేసినా రోజుకోసారి రెండువైపులా సరిచూసుకోవాలి. నిన్న గేట్‌వే వసూలు చేసింది ఎంత, ఖాతాల్లో పడింది ఎంత, స్టాకు తగ్గింది ఎంత. ముక్కల పద్ధతిలో దెబ్బతిన్న చోట్ల చూస్తే, సాధారణంగా ఈ సరిచూపు ప్రోగ్రామ్‌ను చివరికి వదిలేసి ఉంటారు, లేదా దాని ఫలితం ఎవరి మెయిల్‌కు పోవాలో తేల్చి ఉండరు. తేడా తొలివారం చిన్నగానే ఉంటుంది. మూడు నెలలకు అది ఆడిటర్ చేతికి చిక్కుతుంది.

నిలకడ లెక్క కూడా మారుతుంది. ఒక్కో సేవ నెలకు 99.9 శాతం సమయం పనిచేస్తే అది ఆగేది 43 నిమిషాలు. ఒక ఆర్డర్ పూర్తికావడానికి అలాంటి ఆరు సేవలూ ఒకేసారి పలకాలంటే మొత్తం 99.4 శాతానికి దిగుతుంది, అంటే నెలకు నాలుగు గంటలకు పైగా. అన్నీ వరుసగా పిలిచే బదులు, అప్పటికప్పుడు అక్కర్లేనివాటిని ఔట్‌బాక్స్ దారి పట్టించడానికి ఇదో కారణం.

ఇంత శ్రమ ఉన్నా కంపెనీలు ఈ దారికి వస్తున్నాయంటే లాభం లేక కాదు. పండగ ఆఫర్లు వారంవారం మారుతాయి. వెబ్‌సైట్ ఏడాదికోసారి ముస్తాబు మారుస్తుంది. లెడ్జర్ పదేళ్లయినా అలాగే ఉంటుంది. ఒకే సూట్‌లో ఆఫర్ మార్చాలన్నా లెడ్జర్ రిలీజ్ దాకా ఆగాలి, లెడ్జర్‌ను పరీక్షించాలి. విడదీస్తే దేని వేగం దానిది. శాప్ కూడా తన కొత్త సూట్‌ను అమ్ముతూ క్లీన్ కోర్ అని పోరు పెడుతున్నది ఇందుకే: మీ సొంత పద్ధతులన్నీ బయట రాసుకోండి, లోపలిది ముట్టుకోకండి, ఏపీఐతో మాట్లాడండి. అందువల్ల సూట్ మనుషులకూ ముక్కల మనుషులకూ మధ్య గోడ ఇదివరకంత ఎత్తు లేదు. మిగిలింది అతుకు ఎక్కడ పడాలన్న ప్రశ్న. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్టుల పనిలో వచ్చిన అసలు మార్పు అదే. ఒకప్పుడు వాళ్లు సూట్‌ల ఫీచర్ల పట్టికలు పక్కపక్కన పెట్టి మార్కులు వేసేవాళ్లు. ఇప్పుడు ఒక్కో లావాదేవీని తీసుకుని, ఇందులో ఏ రెండు సంఖ్యలు ఒక్క క్షణం కూడా తేడాగా ఉండకూడదని అడగాల్సి వస్తోంది. అలాంటివి ఒకే డేటాబేస్‌లో ఉండాలి. పది నిమిషాలో, ఒక పూటో తేడా ఉన్నా ఫరవాలేదని వ్యాపారం ఒప్పుకునే చోటే అతుకు నిలుస్తుంది.

చీరల వ్యాపారంలో స్టాకు, లెడ్జర్ కలిసి ఉండటం మంచిది. వెబ్‌సైట్, ఆఫర్లు, కస్టమర్లకు పంపే మెసేజ్‌లు బయట ఉండవచ్చు. కస్టమర్ ఫోన్ నంబరు మారితే ఎవరి దగ్గర మార్చాలన్నది కూడా ముందే రాసిపెట్టుకోవాలి. నాలుగు సాఫ్ట్‌వేర్లలోనూ మార్చే వీలుంటే నెల తిరిగేసరికి నాలుగు నంబర్లు ఉంటాయి.

అతుకు తప్పుచోట పడిందని తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. రెండు సాఫ్ట్‌వేర్లలో ఒకదాన్ని మార్చిన ప్రతిసారీ రెండో జట్టు కూడా అదే రాత్రి మేలుకుని తమది మార్చాల్సి వస్తోందంటే, అవి పేరుకే రెండు. సూట్ బరువూ తగ్గలేదు, ముక్కల తేలికా రాలేదు.

సూట్ కొన్నా అతుకులు తప్పవని ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హాం సిటీ కౌన్సిల్‌కు తెలిసొచ్చింది. ఏళ్ల తరబడి సొంత మార్పులతో నింపేసిన శాప్‌ను వదిలి, ఒరాకిల్ ఫ్యూజన్‌ను ఉన్నది ఉన్నట్టు వాడుకోవాలని అనుకున్నారు. 2022 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. అనుకున్నట్టు ఉన్నది ఉన్నట్టు సాగలేదు, మార్పులు చేర్చారు. అందులో ఒకటి, బ్యాంకులో పడిన డబ్బును కౌన్సిల్ ఖాతాలతో సరిచూసే భాగం. అది సరిగా పనిచేయలేదు. ఏ జమ ఏ ఖాతాదో సిబ్బంది చేత్తో కూర్చుని జత చేయాల్సి వచ్చింది. సుమారు 2 కోట్ల పౌండ్లతో మొదలైన అంచనా 2023 నాటికి 10 కోట్ల దాకా పెరిగింది. బ్యాంకు బయట ఉంటుంది, ఎప్పటికీ బయటే ఉంటుంది. ఆ అతుకును సూట్‌లోని ఒక చిన్న పనిగా చూడటంలోనే దెబ్బ తగిలింది.

అతుకుకు మరో ధర కూడా ఉంది. అది సాంకేతికం కాదు, కాగితాల మీద ఉండేది. జానీ వాకర్ విస్కీ చేసే డియాజియో కంపెనీ తన శాప్‌ను అలాగే ఉంచి, సేల్స్‌ఫోర్స్ మీద రెండు కొత్త అప్లికేషన్లు కట్టుకుంది. ఒకటి సేల్స్ సిబ్బంది కోసం. రెండోది కొనుగోలుదారులు నేరుగా ఆర్డర్ పెట్టుకోవడం కోసం. ఆ ఆర్డర్లు మధ్యలోని శాప్ అనుసంధాన సాఫ్ట్‌వేర్ ద్వారా వెనక ఉన్న ఈఆర్‌పీకి చేరేవి. ఆర్కిటెక్చర్ పుస్తకాల ప్రకారం ఇది చక్కటి పని. శాప్ మాత్రం ఆ అప్లికేషన్లు వాడేవాళ్లంతా పరోక్షంగా తమ ఈఆర్‌పీని వాడుతున్నట్టే, ఒక్కొక్కరికీ లైసెన్సు ఉండాలి అంది. 5.4 కోట్ల పౌండ్లకు పైగా అడిగింది. 2017 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు, ఎంత కట్టాలన్నది తర్వాతకు ఉంచి, లైసెన్సు కావాలన్న మాట వరకు శాప్ వైపే తీర్పు ఇచ్చింది. తర్వాతి ఏడాది శాప్ ఈ పరోక్ష వాడకానికి ఇంకో లెక్క తెచ్చింది: ఎంతమంది వాడారన్నది కాకుండా, బయటి నుంచి వచ్చిన పనివల్ల ఈఆర్‌పీలో ఎన్ని పత్రాలు పుట్టాయన్న దాన్ని బట్టి ధర.

ఈ లెక్క తెలిశాక అతుకు గీసేవాళ్లు చూడాల్సినవి మారతాయి. వెబ్‌సైట్‌లో ఒక ఆర్డర్‌కు ఈఆర్‌పీలో ఒక అమ్మకం పత్రం పుట్టించాలా, లేక రోజు మొత్తాన్ని కలిపి ఒకే పద్దుగా పంపాలా అన్నది లెడ్జర్ వివరాన్నే కాదు, లైసెన్సు బిల్లునూ మారుస్తుంది. చిల్లర అమ్మకాలకు రోజువారీ మొత్తం చాలు, ఒక్కో బిల్లు వివరం బయటి సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది. ఈ-ఇన్వాయిస్ తప్పనిసరైన వ్యాపారుల మధ్య అమ్మకాలకు బిల్లు బిల్లుకూ పద్దు కావాలి. 10 కోట్లు దాటిన వ్యాపారాలు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు పోర్టల్‌లో నమోదు చేయాలన్న నిబంధన 2025 ఏప్రిల్ నుంచి ఉంది కాబట్టి, వాటిని కూడబెట్టి నెలాఖరున పంపే వీలూ పెద్దగా లేదు. 2027 గడువు ముందు పెట్టుకుని కూర్చున్న కంపెనీల్లో ఇప్పుడు ఆర్కిటెక్టు పక్కన ఖాతాల అధికారీ, ఒప్పందాలు చదివే లాయరూ కూడా కుర్చీ వేసుకుంటున్నది అందుకే.